అమెరికా వచ్చే అమ్మానాన్నల జెట్‌ల్యాగ్: ఎండ ఎప్పుడు, నీడ ఎప్పుడు

ప్రశ్న: అమ్మానాన్నలు జూన్‌లో హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా న్యూజెర్సీ వస్తున్నారు, మూడు నెలలు ఉంటారు. నాన్నకి 66, షుగర్ మాత్రలు వాడతారు. అమ్మకి 60. పోయినసారి వచ్చినప్పుడు పది రోజులు రాత్రి రెండింటికే లేచి కూర్చున్నారు. అమ్మకి మూడు రోజులు ఒకటే తలనొప్పి. తిరిగి వెళ్ళాక ఇంకా ఘోరం, పదిహేను రోజులైనా సర్దుకోలేదన్నారు. నిద్ర, తిండి విషయంలో ఈసారి ఏం చేయాలి?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. వచ్చిన మొదటి రెండు రోజులు మధ్యాహ్నం ఎండలో తిప్పండి, సాయంత్రం ఆరు ఆరున్నర దాటాక ఎండ కంట పడనివ్వకండి. భోజనాలు మొదటి రోజు నుంచే అక్కడి టైముకి పెట్టండి, రాత్రి మాత్రం తేలిగ్గా. మీ అమ్మగారి తలనొప్పికి చాలావరకు కాఫీయే కారణం అయి ఉంటుంది, దాని సంగతి కింద రాస్తాను. తిరిగి వెళ్ళినప్పుడు మాత్రం అందరూ చెప్పేదానికి రివర్స్‌లో చేయాలి: మొదటి ఆరు రోజులు మార్నింగ్ వాక్ మానేయాలి.

నేను విజయవాడలో జనరల్ ఫిజీషియన్‌ని. ప్రాక్టీసు పెట్టి ఇరవై ఆరేళ్ళు దాటింది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో సగం మందికి పిల్లలు అమెరికాలోనే. మా అమ్మాయిదీ న్యూజెర్సీయే కాబట్టి ఈ ప్రయాణం నేనూ చాలాసార్లు చేశాను, మొదట్లో తప్పులూ బాగానే చేశాను.

"ఎండలో తిరిగితే జెట్‌ల్యాగ్ పోతుంది" అని అందరూ అంటారు. అది సగం నిజం. ఎండ ఒంటి గడియారాన్ని జరుపుతుంది, సరే. ఎటు జరుపుతుందనేది ఆ ఎండ పడిన వేళ మీద ఆధారపడి ఉంటుంది. ఆ వేళని గోడ గడియారం చూసి కాదు, ఒంట్లో ఎంతయిందో చూసి లెక్క కట్టాలి.

ఒంటికి ఒక అట్టడుగు వేళ ఉంటుంది. మనం మామూలుగా నిద్ర లేచే టైముకి రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గుతుంది, అప్పుడే నిద్ర మత్తు బాగా ఎక్కువగా ఉంటుంది. దీన్ని నేను పేషెంట్లకి "మలుపు" అని చెబుతాను. మలుపుకి ముందు గంటల్లో కంట్లో వెలుగు పడితే ఒంటి గడియారం వెనక్కి జరుగుతుంది, అంటే నిద్ర ఇంకా ఆలస్యంగా వస్తుంది. మలుపు దాటాక పడితే ముందుకి జరుగుతుంది, నిద్ర త్వరగా వస్తుంది. మలుపుకి అటూ ఇటూ ఆరేసి గంటల్లో దీని ప్రభావం బాగా ఉంటుంది. దానికి దూరంగా, ఒంటికి పగలు అనిపించే వేళల్లో, పెద్దగా ఏమీ జరగదు. మన కణాల్లో ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్య నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మీ అమ్మానాన్నల లెక్క వేద్దాం. జూన్‌లో మనకీ న్యూజెర్సీకీ తొమ్మిదిన్నర గంటలు తేడా. వాళ్ళు ఇక్కడ ఆరింటికి లేస్తారనుకుంటే, మలుపు సుమారు తెల్లవారుజాము మూడున్నర. అప్పుడు మీ దగ్గర ముందు రోజు సాయంత్రం ఆరు. ఈ మలుపు సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా జరగాలి. అంటే పది గంటలు వెనక్కి. వెనక్కి జరగడం ఒంటికి కాస్త సులువు, ఎందుకంటే మన లోపలి గడియారం ఒక రోజుని 24 గంటల కంటే పది పన్నెండు నిమిషాలు ఎక్కువగానే నడుపుతుంది. అందుకని పడమటికి వెళ్ళినప్పుడు రోజుకి సుమారు గంటన్నర జరుగుతుంది, తూర్పుకి వచ్చినప్పుడు గంటే జరుగుతుంది. ఆ లెక్కన మీ దగ్గర సర్దుకోవడానికి ఆరేడు రోజులు పట్టడం సహజం. పోయినసారి పది రోజులు పట్టిందంటే రోజూ కొంత వెనక్కి, కొంత ముందుకి లాగారన్నమాట.

ఎలా లాగి ఉంటారో ఊహించగలను. జూన్‌లో మీ దగ్గర సూర్యాస్తమయం ఎనిమిదిన్నర. భోజనం అయ్యాక ఏడింటికి "పదండి, పార్కుకి వెళ్ళొద్దాం, చల్లగా ఉంది" అని తీసుకెళ్ళి ఉంటారు. మంచి ఉద్దేశమే. కానీ మొదటి రోజు ఏడు గంటలు అంటే మలుపు దాటిన గంట. ఆ వెలుగు గడియారాన్ని ముందుకి తోస్తుంది. మనకి కావలసింది వెనక్కి.

విమానం నుంచి మొదలుపెడతాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ ఫ్లైట్లు చాలావరకు తెల్లవారుజామునే. నాలుగున్నర ఫ్లైట్ అయితే ఇంట్లోంచి రాత్రి పదకొండింటికే బయలుదేరతారు, ఆ రాత్రి నిద్ర ఎలాగూ పోయినట్టే. దుబాయ్‌లో ఎనిమిదిన్నరకి పెద్ద ఫ్లైట్ ఎక్కితే అప్పుడు న్యూయార్క్‌లో అర్ధరాత్రి పన్నెండున్నర. కాబట్టి పెద్ద ఫ్లైట్ ఎక్కగానే మొదటి ఆరు గంటలు నిద్రపోవాలి. పోయిన నిద్ర తీరుతుంది, అక్కడి రాత్రీ అదే. భోజనం ట్రాలీ కోసం మేలుకుని కూర్చోవద్దని చెప్పండి, ఎక్కే ముందే ఏదో ఒకటి తిని కళ్ళకి గంతలు కట్టుకుని పడుకోమనండి. మిగతా ఏడెనిమిది గంటలు మెలకువగా ఉంటే చాలు. ఒంటికి అది సాయంత్రం, కష్టం కాదు.

నిద్రమాత్రలు మాత్రం వద్దు. ఇక్కడ చాలామంది ఇంట్లో ఎవరివో ఆల్ప్రజోలం మాత్రలు ఉంటే ఒకటి వేసుకుని ఎక్కుతారు. నా పేషెంట్ ఒకాయనకి, 70 దాటినవారు, అలా వేసుకుంటే దిగాక ఇమిగ్రేషన్ లైన్లో ఎక్కడ ఉన్నారో అర్థం కాలేదు. కొడుకు ఫోన్ నంబర్ అడిగితే తన పాత ఆఫీసు నంబర్ చెప్పారు. పైగా మత్తులో కాళ్ళు కదపకుండా పద్నాలుగు గంటలు కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది.

మధ్యాహ్నం రెండున్నరకి దిగుతారనుకుందాం. బయటికి వచ్చి ఇల్లు చేరేసరికి నాలుగు. ఒంట్లో అప్పుడు అర్ధరాత్రి ఒంటిగంటన్నర. ఇక్కడి నుంచి ఏడు వరకు మూడు గంటలే అసలు పరీక్ష. సోఫాలో కూర్చోబెడితే అయిదు నిమిషాల్లో వాలిపోతారు. అప్పుడు పడుకుంటే రాత్రి తొమ్మిదింటికి లేచి కూర్చుంటారు, ఇక ఆ రాత్రంతా జాగారమే. కాబట్టి స్నానం చేయించండి, అయిదున్నర దాకా పెరట్లోనో వాకిట్లోనో కూర్చోబెట్టండి, సూట్‌కేసులు విప్పించండి. మా ఆవిడకి మా అమ్మాయి చిక్కుళ్ళు ఒలవమని ఇచ్చేది. పచ్చళ్ళు, పొడులు ఏ డబ్బాలో ఏముందో చూపించమంటే మీ అమ్మగారికి గంటన్నర ఇట్టే గడుస్తుంది. ఈ మూడు గంటలు ఇంట్లో ఎవరో ఒకరు వాళ్ళతో ఉండాలి, ఇద్దరినే వదిలేసి ఆఫీసు కాల్‌లో కూర్చుంటే పని కాదు. ఆరింటికి కర్టెన్లు వేసేయండి. తొమ్మిదికి పడుకోనివ్వండి.

రెండో రోజు మలుపు ఏడున్నర దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరున్నర దాకా ఎంత వెలుగు పడితే అంత మంచిది. మూడో రోజుకి తొమ్మిది, అప్పటికి ఎలాగూ చీకటి పడిపోతుంది. ఇక సాయంత్రం పార్కు బ్రహ్మాండంగా పనికొస్తుంది, అప్పుడు తీసుకెళ్ళండి. ఉదయపు ఎండ మొదటి రెండు మూడు రోజులు మేలూ చేయదు, కీడూ చేయదు. పగలు కునుకు తీయాలనిపిస్తే మధ్యాహ్నం మూడు దాటకముందే, అరగంట అలారం పెట్టి.

రాత్రి రెండింటికి లేవడం మొదటి మూడు నాలుగు రోజులు తప్పదు. ఒంట్లో అప్పుడు పగలు పదకొండున్నర, ఏం చేసినా నిద్ర రాదు. దాని గురించి టెన్షన్ పడకుండా మంచం మీద మసక వెలుతురులో ఉండమనండి. ఫోన్‌లో చూసే బదులు ఏదైనా విననివ్వండి. హాల్లో లైట్లు వేసి టీవీ పెట్టడం మాత్రం వద్దు. మొదటి రెండు రాత్రులు దాని వల్ల గడియారానికి పెద్ద నష్టం లేదు. కానీ అలవాటు అయిపోతుంది, నాలుగో రోజు, అయిదో రోజు కూడా అదే చేస్తారు. అప్పటికి మలుపు రాత్రి పదిన్నర, పన్నెండు మధ్యకి వచ్చి ఉంటుంది. రెండింటికి వేసిన లైటు సరిగ్గా మలుపు దాటాక పడి, సంపాదించినదంతా పోగొట్టేస్తుంది. సగం దూరం వచ్చి అక్కడే ఆగిపోయామనే వాళ్ళలో చాలామంది సంగతి ఇదే.

తిండి. మెదడులోని గడియారాన్ని వెలుగు నడిపితే, కాలేయం, పేగుల గడియారాలను భోజనం నడుపుతుంది. 2017లో ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయంవాళ్ళు కొందరికి భోజనాలన్నీ అయిదు గంటలు ఆలస్యం చేసి చూశారు. రక్తంలో చక్కెర లయ దాదాపు అంతే జరిగింది, నిద్రకి సంబంధించిన మెలటోనిన్ మాత్రం కదల్లేదు. కాబట్టి తిండి వేళలు మార్చినంత మాత్రాన నిద్ర సర్దుకోదు. కానీ కడుపుబ్బరం, మలబద్ధకం, అర్ధరాత్రి ఆకలి త్వరగా తగ్గుతాయి.

ఉదయం ఎనిమిదింటికి కడుపునిండా టిఫిన్, ఒంటిగంటకి భోజనం, ఏడింటికి కొంచెం. మొదటి రోజు సాయంత్రం ఏడు అంటే కడుపుకి తెల్లవారుజాము నాలుగున్నర. "ఇన్నాళ్ళకి వచ్చారు" అని బిర్యానీ వండి పెడతారు, పాపం వాళ్ళూ కాదనలేక తింటారు. రాత్రంతా పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట. చారన్నం, పెరుగన్నం, రెండు ఇడ్లీలు, అంతే చాలు. బిర్యానీ శనివారం మధ్యాహ్నానికి ఉంచండి.

రాత్రి రెండున్నరకి ఆకలి వేస్తుంది. దొంగ ఆకలి కాదు, ఒంట్లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు, నిజంగానే భోజనం వేళ. మా బంధువుల ఇంట్లో అమ్మ ఒకావిడ మూడింటికి కుక్కర్ పెట్టింది. అయిదో విజిల్‌కి పొగ అలారం కూడా మోగి ఇంట్లో పసిపిల్లతో సహా అందరూ లేచారు. వండటం వద్దు. పడుకునే ముందే మంచం పక్కన ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ పెట్టండి. మీ నాన్నగారికైతే అరటిపండు బదులు కొన్ని వేరుశనగలో బాదంపప్పులో. అంతకంటే ఎక్కువ తింటే కడుపు పాత ఊరి టైమునే పట్టుకుని ఉంటుంది.

తలనొప్పి. మీ అమ్మగారికి మూడు రోజులు అన్నారు. ఆవిడ రోజూ ఎన్ని కాఫీలు తాగుతారో, విమానంలో ఎన్ని తాగారో అడగండి. చాలామంది పెద్దవాళ్ళకి విమానంలో ఇచ్చే కాఫీ నచ్చదు. పైగా బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్ళు, కాఫీ రెండూ మానేస్తారు. బయలుదేరే రోజు సాయంత్రం అయిదింటికి ఇంట్లో తాగిందే ఆఖరి కాఫీ అయితే, మీ దగ్గర దిగేసరికి 31 గంటలు అవుతుంది. రోజూ తాగేవాళ్ళకి కాఫీ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, రెండు రోజుల్లోపు బాగా ముదురుతుంది. దాన్ని గుర్తుపట్టడం సులువు: తల మొత్తం బరువుగా, రెండు కణతలూ కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, కాఫీ తాగిన అరగంట గంటలో తగ్గుతుంది. అంతలా తగ్గితే అది టైము మారిన తలనొప్పి కాదు, కాఫీ తలనొప్పే.

దీనికి రెండు మార్గాలు. వారం ముందు నుంచే రోజుకి కాస్త కాస్త తగ్గించుకు రావడం ఒకటి. మన అమ్మలు ఒప్పుకోరు, నాకు తెలుసు. రెండోది, పెద్ద ఫ్లైట్లో నిద్ర లేచాక ఒక కప్పు, దిగాక ఇంటికి రాగానే ఒక చిన్న కప్పు. ఇంట్లో ఉదయం ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, అంతటితో ఆపాలి. పాత అలవాటు ప్రకారం "పొద్దున కాఫీ" కావాలని రాత్రి ఎనిమిదిన్నరకి తల లాగుతుంది, అప్పుడు ఇస్తే ఆ రాత్రి పోయినట్టే.

కాఫీతో తగ్గని తలనొప్పి నిద్ర తక్కువవడం, నీళ్ళు తక్కువవడం వల్ల వస్తుంది, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఇవి రెండూ, తప్పిన భోజనమూ కలిసి దాన్ని లేపుతాయి. ఏదైనా తిన్నాక పారాసిటమాల్ 500 లేదా 650 ఒకటి వేయొచ్చు. విమానం దిగుతున్నప్పుడు మాత్రమే ఒక కంటి చుట్టూ పొడిచినట్టు వచ్చి, నేల మీదికి వచ్చిన అరగంటలో పోయేది ఇంకొక రకం, గాలి ఒత్తిడి వల్ల వచ్చేది, భయపడక్కర్లేదు. కానీ ఒక్కసారిగా, జీవితంలో ఎప్పుడూ లేనంత తీవ్రంగా తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి బరువెక్కినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా జెట్‌ల్యాగ్ అనుకుని ఆగకండి, వెంటనే 911కి చేయండి.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. మొదటిసారి మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాను. తెల్లవారుజాము మూడింటికి శంషాబాద్‌లో దిగి, కారులో విజయవాడ బయలుదేరాను. హైవే తూర్పుకే కదా, సూర్యాపేట దాకా ఉదయించే సూర్యుడు ఎదురుగానే. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని "పొద్దున్నే ఎండ తగిలితే మంచిది" అని తృప్తిగా వచ్చాను. మర్నాటి నుంచి రోజూ ఆరింటికి బందరు కాలువ గట్టు మీద వాకింగ్. పన్నెండు రోజులు రాత్రి మూడింటి దాకా నిద్ర లేదు, పగలు ఓపీలో పేషెంట్ మాట్లాడుతుంటే కళ్ళు మూతలు పడేవి. ఒక ప్రిస్క్రిప్షన్ మీద తేదీ బదులు నా ఫోన్ నంబర్ రాశాను. డాక్టర్‌నై ఉండి లెక్క వేసుకోలేదు.

లెక్క ఇది. మూడు నెలలు ఉన్నాక ఒళ్ళు న్యూజెర్సీ టైముకి కుదురుకుంటుంది. అక్కడ ఆరున్నరకి లేస్తుంటే మలుపు తెల్లవారుజాము నాలుగు. అది మన దగ్గర మధ్యాహ్నం ఒకటిన్నర. ఈసారి గడియారం ముందుకి జరగాలి. కానీ ఉదయం ఆరు నుంచి ఒకటిన్నర దాకా పడే ఎండంతా మలుపుకి ముందే పడుతుంది కాబట్టి వెనక్కి లాగుతుంది. నేను ఆరింటికి చేసిన వాకింగ్ ఒంటికి రాత్రి ఎనిమిదిన్నరకి ఫ్లడ్ లైట్ ఎదుట నిలబడ్డట్టు.

కాబట్టి అమ్మానాన్నలకి ఇలా చెప్పండి. దిగి ఇల్లు చేరాక ఉదయం కర్టెన్లు వేసుకుని పడుకోవచ్చు, మూడు గంటలకి మించకుండా. పన్నెండింటికి లేవాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి దూరప్రయాణం ఉంటే నల్ల కళ్ళద్దాలు, వెనక సీటు. మొదటి రోజు రెండు గంటల నుంచి సూర్యాస్తమయం దాకా బయట ఉండాలి. విజయవాడ ఎండలైతే చెట్టు నీడలో, వరండాలో కూర్చున్నా చాలు, మామూలు గది వెలుతురు కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. మలుపు రోజుకి గంట చొప్పున ముందుకి వస్తుంది. రెండో రోజు పన్నెండున్నర, మూడో రోజు పదకొండున్నర, అలా ఏడో రోజుకి ఏడున్నర. ఆ రోజు నుంచి మార్నింగ్ వాక్ హాయిగా మొదలుపెట్టుకోవచ్చు. మీ దగ్గరి నుంచి బయలుదేరే ముందు మూడు రోజులు గంట ముందు పడుకుని, గంట ముందు లేచి, వెంటనే బయటి వెలుగులో కూర్చుంటే ఈ లెక్కలో రెండు రోజుల దాకా మిగులుతాయి.

మెలటోనిన్ గురించి అడుగుతారు. తూర్పు ప్రయాణానికి అది కొంత పనిచేస్తుంది. ఇక్కడ పడుకునే వేళకి, తొమ్మిదిన్నర ప్రాంతంలో, నాలుగైదు రాత్రులు. నా పేషెంట్లకి 3 మిల్లీగ్రాములకి మించి ఎప్పుడూ ఇవ్వలేదు. 0.5 కూడా చాలామందికి చాలు, 10 వేసుకున్నంత మాత్రాన గడియారం మూడింతలు వేగంగా జరగదు. మొదటి రెండు రాత్రులు ఏమీ పనిచేయనట్టే ఉంటుంది. పగలు మాత్రం వేసుకోకూడదు, తప్పు వేళకి పడితే తప్పు వైపే జరుపుతుంది. అమెరికాలో దీన్ని మందుగా కాక సప్లిమెంట్‌గా అమ్ముతారు, అందుకే సీసా మీద రాసిన మోతాదుకీ లోపల ఉన్నదానికీ పొంతన ఉండకపోవచ్చు. మూర్ఛ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు వాళ్ళ డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఇది చదివి కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ఇదే పద్ధతి పాటించవద్దు. అక్కడికి వేసవిలో పన్నెండున్నర గంటల తేడా. తిరిగి వచ్చినప్పుడు వాళ్ళ మలుపు మన సాయంత్రం నాలుగున్నరకి పడుతుంది. ముందుకి పన్నెండున్నర గంటలు తోయడం కంటే వెనక్కి పదకొండున్నర జరపడం సులువు. కాబట్టి వాళ్ళు పదకొండు నుంచి నాలుగు దాకా వెలుగులో ఉండి, మొదటి రోజు నాలుగున్నర తర్వాత లోపల ఉండాలి. న్యూజెర్సీ నుంచి వచ్చినవాళ్ళకి చెప్పినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. పక్కింటివాళ్ళకి పనిచేసిన చిట్కా మనకి పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే. ఇంకొక మాట, ఎవరైనా మూడు రోజుల పని మీదే వెళ్తుంటే ఈ గొడవేమీ వద్దు, వీలైనంత ఇక్కడి టైములోనే ఉండి తిరిగి రావడం మేలు.

చివరగా మీ నాన్నగారి షుగర్. మందులన్నీ చేతి బ్యాగులో, ప్రిస్క్రిప్షన్‌తో సహా. మెట్‌ఫార్మిన్ లాంటివి భోజనంతో పాటు వేసుకునేవి కాబట్టి అక్కడి భోజనాల వేళకే మార్చేయొచ్చు. గ్లిమెపిరైడ్ జాతి మాత్రలతోనే జాగ్రత్త. అవి వేసుకుని తిండి తినకుండా నిద్రపోతే షుగర్ పడిపోతుంది, విమానంలో సరిగ్గా అదే జరుగుతుంది. ప్లేటు ఎదురుగా వచ్చాకే ఆ మాత్ర వేసుకోవాలి, భోజనం మానితే మాత్ర కూడా మానాలి. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు ఉండాలి. వచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు రాత్రి భోజనం తర్వాత షుగర్ మామూలు కంటే ఎక్కువ చూపిస్తుంది, ఒంటికి అది తెల్లవారుజాము కాబట్టి. అది చూసి మోతాదు పెంచకండి.

ఇన్సులిన్ అయితే లెక్క వేరు. పడమటికి వెళ్ళిన రోజు తొమ్మిదిన్నర గంటలు పొడవు, తిరిగి వచ్చిన రోజు అంతే పొట్టి, రెండింటికీ విడివిడిగా ప్లాన్ ఆయన చూపించుకునే డాక్టర్ దగ్గర రాయించుకోవాలి. మీరు మాత్రలు అని మాత్రమే రాశారు, పేర్లు రాయలేదు. స్ట్రిప్ మీద ఉన్న పేర్లు, ఏ పూట ఎన్ని వేసుకుంటారో, ఫ్లైట్ టైములు రాస్తే ఏ మాత్ర ఎక్కడ వేసుకోవాలో గంట గంటకీ రాసి పెడతాను, దాన్ని ఆయన డాక్టర్‌కి ఒకసారి చూపించి ఓకే చేయించుకోండి.